బిగుసుకున్న నాళమా, మూసుకుపోయిన నాళమా?

సంతానలేమికి కారణం వెతికే క్రమంలో భర్త వీర్య పరీక్ష, భార్య అండం విడుదల తీరు తేలాక, గర్భాశయం నుంచి రెండు వైపులా సాగే ఫాలోపియన్ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి చేసే ఎక్స్‌రే పరీక్షే హిస్టెరోసాల్పింగోగ్రామ్. వాడుకలో దీన్ని హెచ్‌ఎస్‌జీ లేదా ట్యూబ్ టెస్ట్ అంటారు. 'రెండు ట్యూబులూ బ్లాక్' అని రిపోర్టులో రాగానే అనేక కుటుంబాలు దాన్ని తుది తీర్పుగా భావిస్తాయి. నిజానికి ఆ పరీక్షలో కనిపించేది నాళం కాదు, నాళంలోకి వెళ్లిన ద్రవం మాత్రమే. అది వెళ్లకపోవడానికి శాశ్వతమైన అడ్డంకే కారణం కానక్కర్లేదు.

నెలసరి రక్తస్రావం ఆగిన తర్వాత, అండం విడుదలకు ముందు, అంటే సాధారణంగా నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తే 7వ రోజు నుంచి 10వ రోజు లోపు ఈ పరీక్ష చేస్తారు. గర్భం లేదని నిర్ధారించుకోవడం, కటి భాగంలో ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేయడం తప్పనిసరి. యోని గోడలను విడదీసే స్పెక్యులమ్ పెట్టి, గర్భాశయ ముఖద్వారాన్ని శుభ్రపరచి, సన్నని గొట్టం ద్వారా అయోడిన్ కలిసిన ద్రవాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. 'డై' అని పిలిచినా ఇది సాధారణంగా రంగుండే ద్రవం కాదు. ఎక్స్‌రే కిరణాలను అయోడిన్ అడ్డుకోవడం వల్ల ఫిల్మ్‌పై తెల్లగా కనిపిస్తుంది. మొదట గర్భాశయం తలకిందులైన త్రిభుజంలా నిండుతుంది, ఆపై దాని పై మూలల నుంచి దారపు పోగుల్లాంటి రెండు గీతలు బయలుదేరి చివర వెడల్పవుతాయి, అక్కడి నుంచి ద్రవం పొత్తికడుపులోకి ఒలికి పేగుల చుట్టూ పొగమంచులా పరచుకుంటుంది. ఈ ఒలకడాన్నే 'స్పిల్' అంటారు. నాళం తెరుచుకుని ఉందనడానికి అదే ఆధారం.

అడ్డంకి ఎక్కడ కనిపించిందనే దాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. నాళం చివర మూసుకుపోయి ద్రవం లోపలే నిలిచి, నాళం తిత్తిలా ఉబ్బి కనిపిస్తే దాన్ని హైడ్రోసాల్పింక్స్ అంటారు. ఇది చాలావరకు పాత ఇన్ఫెక్షన్ మిగిల్చిన నష్టం, తాత్కాలిక బిగువు వల్ల వచ్చే రూపం కాదు. ఆ నీరు గర్భాశయంలోకి తిరిగి పారి ఐవీఎఫ్ ఫలితాన్ని కూడా దెబ్బతీస్తుంది. నాళం పూసల దండలా అక్కడక్కడా నొక్కుకుపోయి కనిపిస్తే, మన దేశంలో జననేంద్రియ క్షయను అనుమానించి తదుపరి పరీక్షలు చేయాల్సి ఉంటుంది. నాళం మొదలయ్యే మూలలోనే, అంటే 'కార్నువల్ బ్లాక్'గా పేర్కొనే చోట, ద్రవం ఆగినప్పుడు మాత్రం సందేహానికి తావుంది. ఎందుకంటే గర్భాశయ గోడను దాటే ఆ భాగంలో మార్గం సుమారు ఒక మిల్లీమీటరే, దాని చుట్టూ ఉన్న కండరం బిగుసుకున్నా, చిన్న శ్లేష్మపు ముక్క అడ్డుపడినా ఫిల్మ్‌పై మూసుకుపోయినట్టే కనిపిస్తుంది.

నొప్పికీ, పొరపాటు రిపోర్టుకూ సంబంధం ఉన్నది ఇక్కడే. గొట్టం అమర్చేటప్పుడు చురుక్కుమనడం, గర్భాశయం నిండేటప్పుడు నెలసరి నొప్పిలా, కొందరిలో అంతకంటే తీవ్రంగా పొత్తికడుపు మెలిపెట్టడం సహజం. ద్రవాన్ని ఒత్తిడితో వేగంగా ఎక్కిస్తే ఆ నొప్పి పెరగడమే కాక, కండరం బిగుసుకుని నాళపు ద్వారం మూసుకుపోవచ్చు. అందువల్ల నెమ్మదిగా ఎక్కించడం, నొప్పి వస్తే ఆగడం, కాసేపు వేచి మళ్లీ ప్రయత్నించడం రోగి సౌకర్యం కోసం చేసే దయ మాత్రమే కాదు, పరీక్ష కచ్చితత్వంలో భాగం.

ఉదాహరణకు, ఒక మహిళ ఫిల్మ్‌లో ఎడమ నాళం నుంచి స్పిల్ కనిపించి, కుడి వైపు మూలలోనే ద్రవం ఆగిపోయిందనుకుందాం. ద్రవం తేలిక దారినే ఎంచుకుంటుంది కాబట్టి ఎడమ వైపు సులువుగా ఒలుకుతున్నప్పుడు కుడి నాళం నిండడానికి చాలినంత ఒత్తిడి ఏర్పడకపోవచ్చు. ఆమెను పక్కకు తిప్పి కొంత ఆగి మరో ఫిల్మ్ తీయడం మొదటి మెట్టు. అప్పటికీ తేలకపోతే మరో నెలలో పరీక్షను తిరిగి చేయడమో, లాపరోస్కోపీలో నీలిరంగు ద్రవం ఒలుకుతుందో లేదో నేరుగా చూడడమో తర్వాతి మార్గం. ఆలోగా ఒక నాళం తెరుచుకుని ఉన్నందున సహజ గర్భధారణకు అవకాశం ఉంటుంది.

పరీక్షకు అర గంట నుంచి గంట ముందు, సరిపడేవారు వైద్య సలహాతో ఐబుప్రొఫెన్ వంటి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గవచ్చు. తీవ్రమైన మెలిక నిమిషాల్లో తగ్గుతుంది, మందమైన నొప్పి కొన్ని గంటలు ఉండవచ్చు. ఒకటి రెండు రోజులు జిగట స్రావం, కొద్దిపాటి రక్తపు మరకలు కనిపించడం మామూలే. నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకూ పెరిగినా, జ్వరం లేదా దుర్వాసన గల స్రావం వచ్చినా ఇన్ఫెక్షన్‌గా అనుమానించి వెంటనే వైద్యులను కలవాలి. నాళాలు ఉబ్బి ఉన్నవారిలో ఈ ముప్పు ఎక్కువ కాబట్టే ఫిల్మ్‌లో హైడ్రోసాల్పింక్స్ కనబడితే యాంటీబయాటిక్ ఇస్తారు.

కాబట్టి ఫిల్మ్ చేతికి వచ్చాక దంపతులు అడగాల్సిన ప్రశ్న 'బ్లాక్ ఉందా' అన్నది కాదు. ఏ చోట ఆగింది, ద్రవాన్ని నెమ్మదిగా ఎక్కించారా, ఆగి మళ్లీ చూశారా అన్నవి. మూలలో ఆగిన ద్రవాన్ని ఒక్కసారి చూసి ఐవీఎఫ్ నిర్ణయానికి రావడం తొందరపాటే అవుతుంది.