తప్పించిన కారణం ఎక్కడ రాశారు?

2019 ప్రపంచ కప్‌కు అంబటి రాయుడిని ఎందుకు తీసుకోలేదన్న వాదన తెలుగువాళ్ల మధ్య ఇప్పటికీ చల్లారలేదు. ఆ ఎంపిక తప్పా ఒప్పా అన్నది ఇక్కడ నా విషయం కాదు. ఆ కారణాలు ఎప్పుడు బయటికొచ్చాయో వరసగా చూస్తే, సెలక్షన్ కమిటీ మినిట్స్‌లో ఏం రాయాలో అర్థమవుతుంది.

2018 అక్టోబరులో కెప్టెన్ కోహ్లీ, రాయుడికి ప్రపంచ కప్ దాకా అండగా నిలవాలన్నాడు. 2019 ఏప్రిల్ 15న జట్టును ప్రకటించినప్పుడు అతని పేరు లేదు. మొదట నాలుగో స్థానానికి విజయ్ శంకర్‌ను అనుకుంటున్నామని, అతను బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేయగలడని కమిటీ చైర్మన్, మన ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పారు. క్రికెట్ పరంగా దీనికి ఆధారం లేకపోలేదు. మార్చిలో ఆస్ట్రేలియాపై ఆడిన మూడు వన్డేల్లో రాయుడు 13, 18, 2 పరుగులే చేశాడు. అదే సిరీస్‌లో నాగ్‌పూర్‌లో విజయ్ శంకర్ 46 పరుగులు చేసి, చివరి ఓవర్లో రెండు వికెట్లు తీశాడు. అయితే ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు 90 పరుగులు చేసింది రాయుడే.

ఇలాంటి చోట మినిట్స్‌లో ‘విజయ్ శంకర్ ఎంపిక’ అని రాస్తే చాలదు. నాలుగో స్థానానికి ఎవరెవరిని పరిశీలించారు, అందరినీ ఏ కొలతతో చూశారు, వెల్లింగ్టన్ ఇన్నింగ్స్‌ కంటే ఆ మూడు వైఫల్యాలకు, అదనపు బౌలింగ్‌కు ఎందుకు ఎక్కువ విలువ ఇచ్చారు అన్నది ఉండాలి. అక్టోబరు నాటి కొలత ఏప్రిల్‌కు మారి ఉంటే, ఆ మార్పు ఏ సమావేశంలో జరిగిందో కూడా ఉండాలి. కొలతను పేర్ల కంటే ముందు రాయాలి. పేరు ఖాయం చేసుకున్నాక వెతికిన కారణాన్ని పట్టుకోవడం తేలికే. అదే స్థానానికి పోటీపడిన మరొకరికి దాన్ని వర్తింపజేసి చూస్తే, అది అక్కడ నిలవదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. రాయుడిని స్టాండ్‌బైగా ఉంచారు. ధావన్ వేలికి గాయమైతే పంత్ వెళ్లాడు. విజయ్ శంకర్ కాలి వేలికి గాయమైతే, జులై 1న అప్పటిదాకా ఒక్క వన్డే కూడా ఆడని ఓపెనర్ మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. రెండు రోజులకు రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు. ప్రసాద్ వివరణ జులై 21న వచ్చింది. ధావన్ లేకపోవడంతో ఎడమచేతి బ్యాటర్ కావాల్సి వచ్చిందట. ఇంగ్లండ్ మ్యాచ్‌లో బౌండరీ దగ్గర పడిపోయిన కె.ఎల్. రాహుల్ గురించి ఆందోళన ఉండటంతో, అదనపు ఓపెనర్ కావాలని జట్టు యాజమాన్యం రాతపూర్వకంగా కోరిందట.

ఇవి తీసిపారేయదగ్గ కారణాలు కావు. ఒకదానికి కాగితం కూడా ఉంది. కానీ అవి మనందరికీ తెలిసేసరికి ఆటగాడు ఆట వదిలేసి పద్దెనిమిది రోజులైంది. స్టాండ్‌బై జాబితాలో ప్రతి పేరు పక్కన ‘ఏ స్థానానికి’ అని రాసి ఉంటే, ఖాళీ ఏర్పడిన ప్రతిసారీ నాలుగు వాక్యాల మినిట్స్ రాసి అదే రోజు ఆ ఆటగాళ్లకు చెప్పి ఉంటే, అనుమానానికి అంత చోటు దొరికేది కాదు. ఆ కాగితం ఆటగాడికి ఎంత అవసరమో సెలక్టర్లకూ అంతే అవసరం. పక్షపాతమన్న ఆరోపణకు సంతకం ఉన్న పాత కాగితమే జవాబు. తర్వాత పెట్టిన ప్రెస్‌మీట్ ఆ పని చేయలేదు.

జిల్లా, రాష్ట్ర సంఘాల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. అక్కడ ప్రెస్‌మీట్ కూడా ఉండదు. నోటీసు బోర్డు మీద పేర్ల జాబితా, దాని ముందు తన పేరు వెతుక్కునే పదిహేనేళ్ల పిల్లాడు మాత్రమే ఉంటారు. ‘ఫామ్ లేదు’, ‘జట్టు కూర్పు కుదరలేదు’ అన్నవి కారణాలు కావు. ఏ మ్యాచ్‌ల్లో ఫామ్ లేదు, ఆ మ్యాచ్‌లను ఏ సెలక్టర్ చూశాడు, ఆ స్థానంలో ఎవరు వచ్చారు అన్నది రాస్తేనే కారణం. సెలక్టర్ బంధువో, అతని అకాడమీ పిల్లాడో పరిశీలనలో ఉంటే ఆ సెలక్టర్ బయటికి వెళ్లాడని రాయాలి. ఒప్పుకోని సభ్యుడి మాటనూ నమోదు చేయాలి.

ఆటలో అన్నీ అంకెల్లోకి రావు. ఒత్తిడిలో నిలబడే తీరును సెలక్టర్ కంటితోనే చూడాలి. అయినా తాను చూసినదాన్ని ఒక వాక్యంలో రాయగలగాలి. పిల్లల విషయంలో ఆ వాక్యాన్ని బోర్డు మీద పెట్టక్కర్లేదు. ఆ పిల్లాడికి, అతని కోచ్‌కు ఇస్తే చాలు. జాబితా బయటికి రాకముందే ఆ మినిట్స్ మీద కమిటీ సంతకాలు పడాలి. ఎవరినైనా తప్పించినందుకు ఆ ఒక్క వాక్యం రాయలేకపోతే, ఆ పేరును మళ్లీ చర్చకు తీసుకోవాలి.