షష్టిపూర్తికి ముందు ఈ లెక్క చూడండి

షష్టిపూర్తికి ఇంగ్లీషు సంవత్సరం ఒక్కటే చూస్తే చాలదంటాను. తెలుగు సంవత్సరం పేరు తెలియాలి. లెక్క సులువే. ఇంగ్లీషు సంవత్సరానికి 54 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి వరుస సంఖ్య. సున్నా వస్తే అక్షయ.

మా బావగారు 1966 ఫిబ్రవరి మొదట్లో, మాఘమాసంలో పుట్టారు. 54 కలిపితే 2020, శేషం 40. అంటే పరాభవ. కానీ ఆగండి! ఆ ఏడు ఉగాది మార్చిలో వచ్చింది. దానికి ముందే పుట్టారు కనుక ఒకటి తగ్గించాలి. 39, అంటే విశ్వావసు. అది 2025 ఉగాదికి మళ్లీ మొదలైంది, అందులో మాఘం 2026 ఫిబ్రవరి మొదట్లోనే వచ్చింది. పరాభవ అనుకుని ఉంటే వేడుక ఏడాది వెనక్కి పోయేది.

జనవరికీ ఉగాదికీ మధ్య పుట్టినవాళ్లకే ఈ మెలిక. పిల్లల పుట్టినతేదీ పక్కన తెలుగు సంవత్సరం కూడా ఇప్పుడే రాసిపెట్టండి.