"వాడు కాకపోతే ఇంకెవడు?" అనేది సాక్ష్యం కాదు

కళ్ళారా చూసినోళ్ళు లేని కేసులో "వాడు కాకపోతే ఇంకెవడు?" అని తేల్చేసేవాళ్ళు 1984 నాటి సార్దా కేసు చదవండి. పూణెలో కొత్తగా పెళ్ళయిన మహిళ సైనైడ్‌తో చనిపోయింది. భర్తే చంపాడన్నారు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖరారు చేసింది. సుప్రీంకోర్టు మాత్రం గొలుసులో ఒక్కో లంకెనూ లాగి చూసింది. సైనైడ్ అతని దగ్గర ఉందన్న రుజువే లేదు. ఆమె రాసిన ఉత్తరాల నిండా బాధ ఉంది, అంటే ఆత్మహత్యను కొట్టిపారేయలేం. అతన్ని వదిలేసింది.

ప్రతి లంకె విడిగా రుజువవ్వాలి. అన్నీ కలిసి నిందితుడినే చూపాలి. ఇంకో దారి మిగలకూడదు. "చేసి ఉండొచ్చు"కీ "చేసే ఉండాలి"కీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంది. అనుమానం ఎంత గట్టిదైనా అనుమానమే, మిత్రులారా!