మార్కులు అడుక్కోవద్దు, లెక్క అడుగుదాం

కొంచెం కోపంగానే రాస్తున్నా, ఏమనుకోవద్దు.

సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మన హాస్టళ్ళలో ఒకే అర్జీ తిరుగుతోంది. "అయ్యా, నేను పేద గిరిజన విద్యార్థిని, మా నాన్న పోడు చేసుకుని బతుకుతాడు, దయచేసి పాస్ చేయండి." సీనియర్లు రాసిందే జూనియర్లు కాపీ కొడుతున్నారు. ఈ అర్జీ దండగ. పేపర్ మళ్ళీ దిద్దించే విషయంలో జాలికి చోటు లేదని సుప్రీంకోర్టే 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో చెప్పింది.

మా రూమ్‌లో తమ్ముడికి ఎకనామిక్స్‌లో 75కి 26 వచ్చాయి. పాస్ మార్కు 30. వాడూ ముందు పేజీన్నర ఏడుపు రాశాడు, జవాబే రాలేదు. తర్వాత ఫీజు కట్టి జవాబు పత్రం జిరాక్స్ తెప్పించాం. చూస్తే 14వ పేజీలో 7వ ప్రశ్నకి మార్కూ లేదు, సున్నా కూడా లేదు. పేజీ తిప్పకుండా వదిలేశారన్నమాట! అప్పుడు రాసింది ఇంతే:

"పరీక్షల నియంత్రణాధికారి గారికి, నా హాల్ టికెట్ నంబరు, పేపర్ కోడ్ పైన ఇచ్చాను. 14వ పేజీలోని 7వ ప్రశ్న జవాబుకు మార్కులు వేయలేదు. ఆ పేజీ నకలు జతచేశాను. పరిశీలించి సవరించగలరు."

ఐదు మార్కులు కలిశాయి. 31తో పాస్.

రీకౌంటింగ్ అంటే కూడిక సరిచూడడం, దిద్దకుండా వదిలేసిన జవాబులు చూడడం. రీవాల్యుయేషన్ అంటే ఇంకొకరు పేపరంతా మళ్ళీ దిద్దడం. "బాగా రాశాను, తక్కువ వేశారు" అనుకుంటే రీకౌంటింగ్‌కి డబ్బు కట్టి లాభం లేదు. గడువు నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. జిరాక్స్ వచ్చేసరికి ఆ గడువు దాటిపోవచ్చు, అందుకే అనుమానం గట్టిగా ఉంటే రెండింటికీ ఒకేసారి అప్లై చేయాలి. జిరాక్స్ ఇవ్వమంటే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దిద్దిన పేపర్ చూసుకునే హక్కు మనకుందని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. కానీ దానికి 30 రోజుల దాకా పడుతుంది, రీవాల్యుయేషన్ గడువు మనకోసం ఆగదు.

ఇంకోమాట, కొందరికి నచ్చదు. "ఎస్టీ అని తక్కువ వేశారు" అని ఈ అర్జీలో రాయకండి. పేరు, నంబరు తీసేసి కోడ్ వేసిన పేపర్లు దిద్దేవాళ్ళకి మనమెవరో తెలీదు. ఆధారం లేని ఆ ఒక్క మాటతో 14వ పేజీ తప్పు పక్కకి పోతుంది. ఇంటర్నల్ మార్కుల్లో వివక్ష ఉందా? అక్కడ మన ముఖం చూసే మార్కులు వేస్తారు. దానిమీద వేరే ఫిర్యాదు పెడదాం, నేనూ సంతకం పెడతా.

మనం అడిగేది దయ కాదు, మనం రాసినదానికి లెక్క. పేజీ నంబరు పట్టుకుని అడగండి.