ఆచారం ఎవరిది, చాకిరీ ఎవరిది?

దేవరకొండ వైపున ఉన్న మా పల్లె చర్చిలో ఈస్టర్ పండుగకు ముందు ఒక చిన్న పంచాయితీ జరిగింది. పట్నంలో చదువుకుంటున్న యువకులు ఆ ఏడు ఆరాధనలో డప్పు కొట్టాలని తీర్మానించుకొని వచ్చారు. కీబోర్డు, తబలా మనవి కావనీ, డప్పు మన తాతలదనీ, దానిని చర్చి బయట ఉంచడం మనల్ని మనం బయట ఉంచుకోవడమేననీ వారి వాదన. వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధుడు లేచి నిలబడ్డాడు. వరుసకు నాకు పెద్దనాయన. "ముప్పై ఏండ్లు ఊరి జాతర్ల కొట్టిన, పీనుగుల ముంగట కొట్టిన. కొట్టనంటే తన్నిండ్రు. ఇడిసిపెట్టి ఈడికొస్తే, మళ్ల ఈడ గూడ కొట్టాల్నా బిడ్డా?" అన్నాడు. ఎవ్వరూ మాట్లాడలేదు.

ఆ యువకుల మాటలోనూ న్యాయం ఉంది, ఆ వృద్ధుని మాటలోనూ న్యాయం ఉంది. ఈ రెండు న్యాయాల మధ్య చిక్కుకున్న ప్రశ్న వయస్సు నాలుగు వందల ఏళ్ళు. ఆసియాకు వచ్చిన క్రైస్తవ మిషనరీ సంఘాలు స్థానిక సంస్కృతిని ఎంతవరకు స్వీకరించవచ్చు, ఏ ఆచారాన్ని ఉంచవచ్చు, దేనిని వదలాలి అన్న వివాదం రోమ్ నగరాన్ని సైతం దశాబ్దాల పాటు కుదిపింది. అయితే ఆ వివాదపు చరిత్రలో మా పెద్దనాయన అడిగిన ప్రశ్నను అడిగినవారు బహు తక్కువ.

జెస్యూట్ సంఘానికి చెందిన రాబర్ట్ డి నోబిలి 1606లో మదురై చేరుకున్నాడు. అప్పటికే అక్కడి క్రైస్తవాన్ని జనం పరంగుల మతంగా, అంటే మాంసమూ మద్యమూ ముట్టే, అంటరానివారితో కలిసే పరదేశుల మతంగా చూస్తున్నారు. నోబిలి కాషాయం కట్టాడు, శాకాహారి అయ్యాడు, సంస్కృతం నేర్చాడు, బ్రాహ్మణుని చేత వంట చేయించుకున్నాడు. జందెం, పిలక, చందనం మతచిహ్నాలు కావనీ, కేవలం సామాజిక హోదాకు గుర్తులనీ, కనుక క్రైస్తవుడైన బ్రాహ్మణుడు వాటిని ధరించవచ్చుననీ వాదించాడు. 1623లో పోప్ పదిహేనవ గ్రెగరీ ఈ వాదనను షరతులతో అనుమతించాడు. 18వ శతాబ్దం తొలినాళ్ళలో పుంగనూరు తదితర ప్రాంతాలలో పనిచేసిన కర్ణాటక మిషన్‌కు చెందిన ఫ్రెంచి జెస్యూట్‌లు కూడా ఇదే సన్న్యాసి వేషంతో తెలుగు నేలపై అడుగుపెట్టారు.

ఈ పద్ధతిని ఉదారమైనదిగా మెచ్చుకోవడం నేడు పరిపాటి. పరాయి సంస్కృతిని రుద్దకుండా స్థానిక సంస్కృతిని గౌరవించారని అంటారు. కాని స్థానిక సంస్కృతి అంటే ఎవరి సంస్కృతి? బ్రాహ్మణునికి ఆమోదయోగ్యుడైన సన్న్యాసి మాలవాడలోకి వెళ్ళలేడు. వెళితే అతని హోదా పోతుంది. కనుక తమిళ నేలపై పరయ క్రైస్తవులకు వేరే గుడులు వెలిశాయి. మరణశయ్యపై ఉన్న పరయవాని గుడిసెలోకి గురువు అడుగుపెట్టకపోవడం ఆచారమైంది. అంత్యసంస్కారం కావాలంటే రోగినే బయటికి మోసుకొని రావాలి. అనుసరణ అనే మాటకు ఇక్కడ చెల్లించిన మూల్యం ఇదీ, చెల్లించినవారు వీరూ.

1704 జూన్‌లో పోప్ దూతగా పాండిచ్చేరి వచ్చిన టూర్నాన్ ఈ ఆచారాలపై నిషేధపు ఆజ్ఞను జారీ చేశాడు. తాళిబొట్టుపై దేవతారూపం ఉండరాదన్నాడు. నెలసరి సమయంలో స్త్రీలను గుడికి దూరంగా ఉంచరాదన్నాడు. రోగియైన పరయవాని ఇంటికి గురువు స్వయంగా వెళ్ళి తీరాలన్నాడు. జెస్యూట్‌లు ఎదురు తిరిగారు. చైనాలో పితృదేవతలకూ కన్‌ఫ్యూషియస్‌కూ చేసే మర్యాదలపై ఇదే కాలంలో ఇలాంటి తగవే నడిచింది. అయితే అక్కడి తగవు మరణించినవారి గురించి, ఇక్కడిది బతికి ఉన్నవారి గురించి కూడా. చివరకు 1744లో పోప్ పద్నాలుగవ బెనెడిక్ట్ టూర్నాన్ ఆజ్ఞను బలపరుస్తూ తుది శాసనం వెలువరించాడు. కాని అందులోనే ఒక రాజీ ఉంది. పరయల సేవకు ప్రత్యేకంగా కొందరు గురువులను కేటాయిస్తామని జెస్యూట్‌లు ముందుకు రాగా ఆయన అంగీకరించాడు. అంటే అంటరానితనాన్ని గర్హించే శాసనమే గురువులను కులాల వారీగా పంచుకొనే ఏర్పాటుకు ముద్ర వేసింది. ఈ నలభై ఏళ్ళ వాదోపవాదాలలో పరయల సాక్ష్యాన్ని మాత్రం ఎవరూ నిర్ణాయకంగా తీసుకోలేదు.

మా నల్లగొండ, పాలమూరు మెట్టనేలకు వచ్చిన మిషనరీల దారి దీనికి పూర్తిగా భిన్నం. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్, బాప్టిస్టు మిషన్ అండతో నల్లగొండలో స్థిరపడ్డాడు. 20వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, మహబూబ్‌నగర్ వంటి చోట్ల కేంద్రాలను నిర్మించుకుంది. వీరి వద్దకు వచ్చినవారిలో అత్యధికులు మాల మాదిగలే. వీరికి సన్న్యాసి వేషంతో పని లేకపోయింది. అనుసరణకు బదులు వీరు నిరాకరణను ఎంచుకున్నారు. మా వాడ చర్చిలో జాతర వద్దన్నారు, బోనం వద్దన్నారు, డప్పు వద్దన్నారు. నేటి విద్యావంతులు దీనిని సాంస్కృతిక విధ్వంసం అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే రాసేవాణ్ణి. ఒక ఉదంతం చదివాక నా మాట మార్చుకోవలసి వచ్చింది.

ఆ ఉదంతం చెప్పినవాడు పాల్ హీబర్ట్. మిషనరీ దంపతులకు 1932లో శంషాబాద్‌లో పుట్టి, ఇక్కడే మిషనరీగా పనిచేసి, పాలమూరు జిల్లా గ్రామంపై 'కొండూరు' అనే గ్రంథం రాసి, మానవశాస్త్రవేత్తగా పేరు పొందినవాడు. శంషాబాద్ బైబిలు పాఠశాలలో తాను బోధిస్తున్న రోజున ముచ్చింతల నుంచి ఒక సంఘపెద్ద నడిచి వచ్చి చెప్పిన కథను ఆయన నమోదు చేశాడు. ఆ ఊరికి మశూచి వచ్చింది. పిల్లలు చనిపోతున్నారు. గ్రామదేవత కోపించిందనీ, దున్నపోతును బలి ఇవ్వాలనీ సోదె చెప్పేవాడు తేల్చాడు. ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. ప్రతి ఇల్లూ ఇస్తే తప్ప దేవత శాంతించదు, ఒక్క పైసా ఇచ్చినా చాలు అన్నారు ఊరిపెద్దలు. అయినా ఇవ్వలేదు. వెంటనే ఊరిబావి నీళ్ళు బందయ్యాయి, అంగట్లో సరుకు బందయింది. పైసా పడేసి, మనసులో దేవునికి క్షమాపణ చెప్పుకుందామని కొందరు క్రైస్తవులు అనుకున్నారు. ఆ పెద్ద ఒప్పుకోలేదు. అంతలో ఒక క్రైస్తవ బాలికకే మశూచి సోకింది. ప్రార్థన చేయమని అడగడానికే ఆయన వచ్చాడు. వారం తరువాత ఆ పిల్ల చనిపోయిందన్న వార్త తెచ్చాడు.

హీబర్ట్ ఈ ఉదంతం నుంచి ఒక సిద్ధాంతం తీశాడు. పాశ్చాత్య మిషనరీ మనసులో పైన దేవుడున్నాడు, కింద విజ్ఞానశాస్త్రం ఉంది. రోగం, దిష్టి, గ్రామదేవత, ఆత్మలు ఉండే నడిమి అంతస్తు లేదు. అందుకే ఆ సంఘపెద్దకు తాను సమాధానం చెప్పలేకపోయానన్నాడు. ఇది నిజాయితీ గల ఒప్పుకోలు. కాని ఆ కథలో నాకు కనిపించే అంతస్తు మరొకటి ఉంది. ఆ పైసా ఎందుకంత ముఖ్యమైంది? దున్నను కొనడానికి ఆ పైసా అక్కరలేదు. ఊరి మాటకు కట్టుబడి ఉన్నామన్న ఒప్పుకోలుకే అది కావాలి. ఇవ్వనివారికి పడిన శిక్షను చూడండి. దేవత శపించలేదు, బావి మూసుకుంది. అంటే అక్కడ ఆచారమే ఊరి పెత్తనం.

మా ప్రాంతపు దున్నబలిలో ఎవరి పని ఏమిటో తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. డప్పు కొట్టేది మాదిగ. దున్నను నరకడం, రాత్రివేళ పొలిమేర చుట్టూ పొలి చల్లడం వంటి ప్రమాదకరమైన, మైలపడే పనులు కూడా వాడల మీదే పడేవి. ఫలం మాత్రం ఊరందరిది. అటువంటి ఆచారం నుంచి బయటికి నడవడమంటే దేవతను వదలడం మాత్రమే కాదు, వెట్టిని వదలడం. మిషనరీ విగ్రహారాధన అని నిషేధించిన డప్పును మా పెద్దనాయన వెట్టి అని వదిలాడు. నిషేధం ఒక్కటే, కారణాలు రెండు. మిషనరీ తన కారణాన్ని గ్రంథాలలో రాసుకున్నాడు. పెద్దనాయన కారణం ఏ గ్రంథంలోనూ చేరలేదు.

అందువల్లనే ఇప్పటి అనుసరణ ప్రయత్నాలను జాగ్రత్తగా చూడాలి. రెండవ వాటికన్ మహాసభ తరువాత 1969లో భారత కతోలిక ఆరాధనకు పన్నెండు అంశాల సంస్కరణను రోమ్ ఆమోదించింది. హారతి, నూనె దీపం, నేలపై కూర్చోవడం, పంచాంగ ప్రణామం, శాలువా అందులో ఉన్నాయి. డప్పు లేదు. మూడున్నర శతాబ్దాల తరువాత కూడా భారతీయత అనగానే అగ్రవర్ణపు గుడే గుర్తుకు వచ్చింది. 1981లో అరవింద్ నిర్మల్ వంటివారు దళిత వేదాంతానికి బీజం వేసింది ఈ అలవాటును ప్రశ్నిస్తూనే.

నోబిలి వాదనకు మరొక వింత కొనసాగింపు కూడా ఉంది. కులం మతానికి సంబంధించినది కాదు, సామాజికం మాత్రమే అని చెప్పి ఆయన కులాన్ని చర్చిలో ఉండనిచ్చాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అందుకు తలకిందులుగా, షెడ్యూల్డు కులాన్ని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన ఆ ఉత్తర్వు దళిత క్రైస్తవుణ్ణి ఇప్పటికీ బయటే ఉంచింది. ఒకరు కులం సామాజికమన్నా, ఇంకొకరు మతపరమన్నా నష్టపోయినవాడు ఒక్కడే.

హీబర్ట్ తరువాతి కాలంలో ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. పాత ఆచారాన్ని గుడ్డిగా నిషేధించరాదు, గుడ్డిగా ఆమోదించరాదు. ముందు దాని అర్థమేమిటో తీర్పు చెప్పకుండా తెలుసుకోవాలి, దానిని లేఖనం వెలుగులో పరిశీలించాలి, ఉంచాలో మార్చాలో వదలాలో సంఘమే నిర్ణయించాలి. నాకు ఇది సమ్మతమే. అయితే మొదటి మెట్టు మీదే మరొక ప్రశ్న చేర్చాలంటాను. ఆచారం అర్థమేమిటని అడిగే ముందు, ఆ ఆచారంలో ఎవరు ఏ పని చేస్తారు, కాదంటే వారికి ఏమవుతుంది అని అడగాలి. కాదంటే బావి మూసుకునే ఆచారం ఎంత అందమైనదైనా చాకిరే. సంఘం నిర్ణయించాలన్నప్పుడు కూడా, ముందుగా మాట్లాడవలసినవాడు ఆ చాకిరీ చేసినవాడే.

డప్పు అర్థం మారదని నేననను. 1994లో దండోరా ఉద్యమం మొదలయ్యాక వెట్టి డప్పు హక్కుల డప్పయింది. కొట్టేవాడు ఎవరి పిలుపు మీద కొడుతున్నాడన్నదే ఆ మార్పుకు మూలం. మా పల్లె యువకులు విన్నది ఆ డప్పునే. పెద్దనాయన చెవిలో మోగుతున్నది అంతకు ముందటిది.

ఆ రాత్రి పంచాయితీ ముగిసే ముందు పెద్దనాయన ఒక షరతు పెట్టాడు. "కొడితే అందరు కొట్టాలె. మాలోల్ల పిల్లలు కొట్టాలె, పాస్టరుగారి కొడుకు కొట్టాలె. మాదిగోడే ఎందుకు కొట్టాలె?" మా చర్చిలో మాలలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఒకే పాట పాడుతున్నారు, పెళ్ళి సంబంధాలు మాత్రం కలుపుకోరు. షరతు విని కొందరు తలలు దించుకున్నారు. ఆ ఈస్టర్‌కు డప్పు మోగలేదు. షరతు మాత్రం ఇంకా అలాగే ఉంది.