డాలుని చూసి కూడా భయపడతారు (ఐదో భాగం)

2025 ఆగస్టు 13 రాత్రి పాకిస్తాన్ ప్రధాని షెహబాజ్ షరీఫ్ ఆర్మీ రాకెట్ ఫోర్స్ అనే కొత్త విభాగాన్ని ప్రకటించారు. ఆగస్టు 15 పొద్దున ఎర్రకోట మీంచి మోదీ మిషన్ సుదర్శన చక్ర ప్రకటించారు. 2035 నాటికి దేశంలోని ముఖ్యమైన చోట్లన్నిటికీ ఆకాశం మీంచి వచ్చే దాడుల నుంచి రక్షణ కల్పిస్తామన్నారు. అక్కడ రాకెట్లు, ఇక్కడ డాలు. రెండు రోజుల్లో ఒకరిని చూసి ఒకరు ఆలోచించింది కాదిది. రెండు ప్రకటనలూ మే నెలలో జరిగిన పోరాటం తర్వాత వచ్చినవే. కానీ ఇకమీదట ఒకటి ఇంకోదాన్ని మేపుతూ పోతుంది.

"మనది డాలే కదా, డాలుతో ఎవర్నీ పొడవలేం కదా, దానికి పక్కోడు భయపడటం దేనికి?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. ఈ భాగమంతా దానికి జవాబే.

నాజీల జర్మనీ నుంచి బయటపడి అమెరికా చేరిన జాన్ హెర్జ్ అనే యూదు పండితుడు 1950లో ఈ చిక్కుకి 'సెక్యూరిటీ డైలమా' అని పేరు పెట్టాడు. భద్రతా సంకటం అనుకుందాం. ఊళ్ళో ఇద్దరికి తగాదా వస్తే పోలీసు స్టేషనుంది, కోర్టుంది. అక్కడ న్యాయం దొరుకుతుందా లేదా అన్నది వేరే సంగతి, వెళ్ళడానికైతే ఒక చోటుంది. రాజ్యాలకి ఆ పై గుమ్మం లేదు. పక్కవాడి మనసులో ఏముందో తెలీదు, చేతిలో ఏముందో మాత్రం కనిపిస్తుంది. కాబట్టి ప్రతి రాజ్యం చేతినే చూసి లెక్క వేసుకుంటుంది. ఒకరు కాపాడుకోడానికి చేసిన పని అవతలివాళ్ళకి ముప్పుగా కనిపిస్తుంది. వాళ్ళూ కాపాడుకోడానికే ఇంకోటి చేస్తారు. చివరికి ఇద్దరికీ ఖర్చు పెరుగుతుంది, భద్రత తగ్గుతుంది. ఇందులో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు.

ఇప్పుడు డాలు సంగతి. ఊహకోసం చిన్న లెక్క వేద్దాం. ఒక దేశం దగ్గర పది అణు క్షిపణులున్నాయి. పొరుగు దేశం ముందే దాడిచేసి అందులో ఏడింటిని నేలమీదే ధ్వంసం చేసిందనుకోండి. మూడు మిగులుతాయి. ఆ మూడు చాలు మూడు నగరాలు బూడిద కావడానికి. ఆ భయమే పొరుగు దేశాన్ని దాడి చెయ్యకుండా ఆపుతుంది.

ఇప్పుడు ఆ పొరుగు దేశం గాల్లోనే క్షిపణుల్ని కూల్చే డాలు కట్టుకుంది. పదీ ఒకేసారి వస్తే ఆ డాలు తట్టుకోలేదు, కొన్ని తప్పించుకుని పడతాయి. కానీ ముందు దెబ్బ కొట్టాక మిగిలిన మూడే వస్తే? రెండింటినో మూడింటినో ఆపేయొచ్చు. అంటే డాలు అన్నిటికన్నా బాగా పనిచేసేది, తను ముందు కొట్టిన తర్వాత. అవతలివాడికి కనిపించేది ఇదే. డాలు పట్టుకున్నవాడి రెండో చేతిలో కత్తి ఉందని వాడికి తెలుసు. అందుకని పది ఉన్నవాడు ఇరవై చేస్తాడు. ఒక్కో క్షిపణికి రెండు మూడు బాంబులు తగిలించి, ఒక్కోటి ఒక్కో చోట పడేలా చేస్తాడు. 'ఎంఐఆర్వీ' అంటే ఇదే. ఇది డాలుకన్నా చౌక. వచ్చే ప్రతి బాంబుకీ అడ్డుకునే క్షిపణి కనీసం ఒకటి కావాలి, గురి తప్పుతుందన్న అనుమానంతో సాధారణంగా రెండు వదులుతారు.

అమెరికా, సోవియట్ యూనియన్ దీన్ని ఆచరణలో చూశాయి. 1967లో గ్లాస్‌బరోలో జరిగిన భేటీలో డాలు వద్దని అమెరికా వాదిస్తే, సోవియట్ ప్రధాని కొసిగిన్‌కి కోపం వచ్చింది. రక్షణ నీతి, దాడి అవినీతి అన్నది ఆయన వాదన. మన ప్రశ్న కూడా అదే కదా! ఐదేళ్ళకి ఆయన ప్రభుత్వమే దారికొచ్చింది. 1972 ఒప్పందం ప్రకారం ఒక్కో దేశానికి రెండు చోట్ల, చోటుకి వంద అడ్డుకునే క్షిపణులు మించకూడదు. 1974లో దాన్ని ఒక్క చోటుకి కుదించారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. డాలుకి విరుగుడుగా మూడు బాంబుల మినిట్‌మన్-3ని అమెరికా 1970లోనే మోహరించింది. డాలు ఆగింది, విరుగుడు మిగిలిపోయింది. 2002లో అమెరికా ఆ ఒప్పందం నుంచి కూడా తప్పుకుంది.

మన దగ్గర వరస చూడండి. 1998 ఏప్రిల్‌లో పాకిస్తాన్ 1500 కిలోమీటర్లు పోతుందని చెప్పిన ఘోరీ క్షిపణిని పరీక్షించింది. మే నెలలో రెండు దేశాలూ అణుపరీక్షలు చేశాయి. మన డాలు ఆ భయంలోంచి వచ్చింది. 2006 నవంబరులో ఒడిశా తీరం దగ్గర, ఎదురొచ్చే పృథ్వి క్షిపణిని గాల్లో కూల్చి చూపించారు. హైదరాబాద్‌లోని డీఆర్డీవో ల్యాబుల చెయ్యి ఇందులో పెద్దది. 2017 జనవరిలో పాకిస్తాన్ ఎంఐఆర్వీ తరహా అబాబీల్‌ని పరీక్షించింది. ఎందుకో వాళ్ళ సైన్యమే ప్రకటనలో చెప్పింది: ఈ ప్రాంతంలో పెరుగుతున్న క్షిపణి రక్షణ వ్యవస్థల మధ్య తమ క్షిపణులు పనికిరాకుండా పోకూడదని. 2024 మార్చిలో మనం అగ్ని-5ని అనేక బాంబులతో పరీక్షించాం. అది ముఖ్యంగా చైనాని చూసి చేసింది, కానీ ఇస్లామాబాద్ కూడా దాన్ని చూస్తుంది.

ఇదంతా ఉత్త అపార్థమే అని నేననను. 2008 ముంబై దాడి చేసింది పాకిస్తాన్ గడ్డమీంచి వచ్చినవాళ్ళు. అది ఎవరి భయంలోంచీ పుట్టింది కాదు. భయమా, దురాశా అని తేల్చుకోడానికి ఒక గుర్తుంది. తనిఖీకి ఒప్పుకుంటూ ఇద్దరం తగ్గిద్దాం అన్నప్పుడు అవతలివాడు కూడా తగ్గితే అది భయం. తగ్గకుండా పెంచుకుంటూ పోతే దురాశ. అడక్కుండా తేల్చలేం.

అడిగినప్పుడు ఫలితం వచ్చింది కూడా. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదని 1988 డిసెంబరు 31న సంతకాలు పెట్టారు. 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. 2005 ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి పరీక్షకి కనీసం మూడు రోజుల ముందు కబురు చెయ్యాలి. క్రూయిజ్ క్షిపణులు మాత్రం అందులో లేవు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్, అదీ క్రూయిజ్ క్షిపణే, పొరపాటున పేలి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. పొరపాటని మనం బయటికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. అదృష్టం బాగుండి ఎవరూ చావలేదు, అవతలివాళ్ళు తిరిగి కొట్టలేదు. ఆ రోజు రెండు దేశాలూ కత్తులు దూసుకుని ఉంటే ఏమయ్యేది? ఉద్రిక్తత రోజుల్లో పొరపాటు అన్నమాటని ఎవరూ నమ్మరు. కాబట్టి ఆ ఒప్పందంలోకి క్రూయిజ్ క్షిపణుల్ని తేవాలి. డాలు ఎన్ని చోట్ల, ఎంత మేర అన్నది కూడా మాటల్లోకి రావాలి. దాచిన డాలుని అవతలివాడు ఉన్నదానికన్నా పెద్దదిగానే ఊహించుకుంటాడు.

1951 అక్టోబరులో మంత్రిపదవి వదిలేస్తూ బాబాసాహెబ్ ఒక లెక్క చెప్పారు. ఏటా వచ్చే 350 కోట్ల ఆదాయంలో సైన్యానికే దాదాపు 180 కోట్లు పోతున్నాయని. సైన్యం అక్కర్లేదని ఆయన అనలేదు. అంత ఖర్చు మన విదేశాంగ విధానం వల్ల వస్తోందన్నారు. డాలు ఎంత పెద్దదవ్వాలో ఫ్యాక్టరీలో తేలదు, పొరుగుతో మాట్లాడే గదిలో తేలుతుంది. ఆ గది మూసేసి ఫ్యాక్టరీని మాత్రమే తెరిచి ఉంచితే 2035కి డాలు రావొచ్చు. దాన్ని దాటే రాకెట్లు అంతకన్నా ముందే వస్తాయి.

(ఇంకా ఉంది)