తలుపు తెరవకపోవడం చేతకానితనం కాదు

భయానక నవలల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక ఫిర్యాదు వినిపిస్తూనే ఉంటుంది. చివరిదాకా దెయ్యాన్ని చూపించని రచయిత పాఠకుణ్ణి మోసం చేశాడనీ, వర్ణించే శక్తి లేక దాచిపెట్టాడనీ అంటారు. ఈ ఫిర్యాదుకు పెద్ద అండ స్టీఫెన్ కింగ్. 1981లో వెలువడిన ‘డాన్స్ మకాబ్ర్’ అనే విమర్శ గ్రంథంలో ఆయన మూసిన తలుపు సమస్యను చర్చించాడు. తలుపు వెనక ఏదో గీరుతున్న చప్పుడు. తెరిస్తే పదడుగుల పురుగు. చూసినవాళ్లు కెవ్వుమంటారు గానీ, వందడుగులది కాదు కదా అని లోలోపల ఊపిరి పీల్చుకుంటారు. ఈ చిక్కు తెలిసి కూడా, ఎప్పుడో ఒకప్పుడు తలుపు తెరవాల్సిందేనని కింగ్ వాదన. తెరవకపోవడమంటే గెలుపు కోసం కాక, ఓడిపోకుండా ఉండేందుకు ఆడటమేనని ఆయన ఉద్దేశం.

ఈ వాదనకు సమాధానం కింగ్ అదే గ్రంథంలో మెచ్చుకున్న నవలలోనే ఉంది. అది షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’. అతీత శక్తుల జాడ వెతకడానికి డాక్టర్ మాంటేగ్ మరో ముగ్గురితో కలిసి ఒక పాత భవనంలో దిగుతాడు. ఆ ముగ్గురిలో ఎలినార్ ఒకతె. రోగిష్టి తల్లికి పదకొండేళ్లు సేవ చేసి, ఆమె పోయాక తొలిసారి ఒంటరిగా బయటికి వచ్చిన మనిషి.

ఒక రాత్రి నడవాలో దబదబమని చప్పుడు మొదలవుతుంది. నిద్రమత్తులో ఉన్న ఎలినార్, తల్లి గోడ మీద తట్టి పిలుస్తోందనుకుంటుంది. తర్వాత థియొడొరా గదిలో ఇద్దరూ వణుకుతూ కూర్చుంటారు. గదంతా భరించలేని చలి. చప్పుడు ఒక్కో తలుపునూ తడుముకుంటూ వచ్చి, వాళ్ల తలుపు పైఅంచు మీద పడుతుంది. అక్కడ ఉన్న మగవాళ్లకు కూడా అందనంత ఎత్తు అది. తర్వాత తలుపు అంచుల చుట్టూ మెల్లగా తడుముతున్న శబ్దం. తలుపు తెరుచుకోదు, ఏదీ లోపలికి రాదు.

ఇక్కడ రచయిత్రి దాచింది ఒక్కటే: ఆ కొట్టేది ఎవరన్నది. మిగిలినదంతా చెప్పింది. చలి, శబ్దం వచ్చిన దిక్కు, దెబ్బ పడిన ఎత్తు, అన్నీ కచ్చితంగా ఉన్నాయి. ఆకారం గురించి ఒక్క మాట లేకపోయినా, ఆ ఎత్తు చదివిన పాఠకుడు దాని కొలత తానే ఊహించుకుంటాడు. లక్షణాలన్నీ రాసి, రోగం పేరు మాత్రం ఖాళీగా వదిలిన కేస్ షీట్ లాంటిది ఆ ఘట్టం. పేరు తెలిసిన రోగానికి మందో, కనీసం ఒక గడువో ఉంటుంది. పేరు తెలియనిదానికి హద్దే ఉండదు.

మరో రాత్రి చీకట్లో, పక్క గదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంటే, ఎలినార్ థియొడొరా చేతిని గట్టిగా పట్టుకొని ధైర్యం తెచ్చుకుంటుంది. ఆ చేతి ఎముకలు కూడా ఆమెకు తెలుస్తుంటాయి. ఉండబట్టలేక అరిచేసరికి దీపం వెలుగుతుంది. థియొడొరా దూరంగా, తన మంచం మీద ఉంటుంది. అయితే ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చేయి? ఆ చేతిని కుళ్లిన మాంసంతో, వంకర గోళ్లతో ముందే వర్ణించి ఉంటే అసహ్యం పుట్టేది, అంతే. ఇక్కడ ఎలినార్‌తో పాటు పాఠకుడూ ఆ చేతిని నమ్మాడు. భయం వెనక్కి నడిచి, అంతవరకూ పొందిన ఊరటను విషం చేస్తుంది. ఏ వర్ణనా ఈ పని చేయలేదు.

ఇక కింగ్ తెరిచిన తలుపును చూద్దాం. 1986 నాటి ‘ఇట్’ నవలలో రాక్షసి ఒక్కో పిల్లవాడికీ వాడి భయం ఏదో ఆ రూపంలో కనిపిస్తుంది. అసలు రూపం తెలియనంతకాలం పట్టణమంతా అనుమానాస్పదమే. చివరికి భూగర్భంలో అది పెద్ద సాలీడుగా తేలుతుంది. అది కూడా నిజరూపం కాదనీ, మనిషి మనసుకు అందే దగ్గరి పోలిక మాత్రమేననీ నవలే చెబుతుంది. తలుపు తెరిచాక కూడా దాచక తప్పలేదంటే, అది కింగ్ తన వాదనను తానే కాదనడం. పైగా సాలీడుకు కాళ్లుంటాయి, గుండె ఉంటుంది, గుడ్లుంటాయి. వాటిని నలపొచ్చు, చీల్చొచ్చు. ఆ క్షణం నుంచి నవల భయం వదిలి యుద్ధంలోకి దిగుతుంది.

అలాగని దాచిందల్లా గొప్పదని కాదు. ‘మాటలకందని ఘోరం’, ‘వర్ణనాతీతమైన ఆకారం’ అంటూ విశేషణాలు పేర్చడం నిజంగానే మోసం. అక్కడ ఫిర్యాదు న్యాయమైనదే. తేడా కనిపెట్టడం కష్టం కాదు. ఆ పుటలోని విశేషణాలన్నీ కొట్టేసి చూడాలి. ఏమీ మిగలకపోతే రచయిత దగ్గర దాచడానికి కూడా ఏమీ లేదని అర్థం. జాక్సన్ పుటలో తలుపు పైఅంచు మీద పడిన దెబ్బ మిగులుతుంది, చీకట్లో పట్టుకున్న చేయి మిగులుతుంది.